మామ్మ పుట్టినరోజుకు రేడియోలో పాత పాట: కార్డు ముక్క రాసే పద్ధతి

పాట కోరుతూ రేడియోకి రాసిన కార్డు పక్కన పడిపోయేది దస్తూరి బాగాలేకో భాష తక్కువయ్యో కాదు. ఏ పాట అడిగారో తేలక, ఏ రోజు వినిపించాలో తేలక, ఊరి పేరు ఎలా పలకాలో తెలియక. మామ్మ కోసం రాసేటప్పుడు ఈ మూడూ మరీ చిక్కు. పాట ఆవిడ నోట సగమే ఉంటుంది. పుట్టినరోజు పంచాంగంలో ఉంటుంది. ఊరు ఉన్నచోటే ఉంది గానీ జిల్లా మారిపోయింది.

అందుకని ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం. కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెలో ఒక మామ్మ. అంటే నాన్నగారి తల్లి. రథసప్తమి నాడు పుట్టానని చెబుతారు, "వ్యయ నామ సంవత్సరం" అని కూడా గుర్తుంది. పాట పేరు అడిగితే "అదే, గోదారి గట్టు పాట" అంటారు. మన చేతిలో ఉన్నది ఇంతే.

ముందు రోజు తేల్చండి

ఆధార్ కార్డులో తేదీని పట్టుకోకండి. ఆ తరంవాళ్లకి జనవరి 1 అనో జూలై 1 అనో వేసేసిన కార్డులు కోకొల్లలు. ఇంట్లో అసలు తిథి ప్రకారం చేస్తారా, తేదీ ప్రకారమా అన్నది మొదట అడగండి. తిథి అయితే ఏటా తేదీ జరుగుతూ ఉంటుంది. రథసప్తమే చూడండి: 2024లో ఫిబ్రవరి 16న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న. పోయినేడు తేదీని గుర్తుపెట్టుకుని ఈ ఏడు కార్డు రాస్తే పాట పది ఇరవై రోజులు అటో ఇటో పోతుంది.

ఏళ్ల లెక్కలో ఒక మెలిక ఉంది. వ్యయ నామ సంవత్సరం 1946 ఉగాదికి మొదలై 1947 ఉగాది ముందురోజుతో ముగిసింది. రథసప్తమి మాఘమాసంలో వస్తుంది, మాఘం తెలుగు సంవత్సరంలో చివరి నుంచి రెండో నెల. కాబట్టి మామ్మ పుట్టింది 1947 మొదట్లో గానీ 1946లో కాదు. సంవత్సరం పేరు చూసి 1946 అని వేసుకుంటే ఎనభై నిండకుండానే ఎనభై చెప్పేస్తాం. సరిగ్గా లెక్కవేస్తే ఆవిడకి ఎనభై నిండేది 2027 రథసప్తమికి, అంటే ఫిబ్రవరి 13, శనివారం. సంవత్సరం పేరు గుర్తులేని పెద్దవాళ్లని "1953 వరదప్పుడు నువ్వు ఎంత పిల్లవి?" అని అడిగితే ఏడాది అటూ ఇటూగా తేలుతుంది. ఆ వరద గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకి బాగానే గుర్తుంటుంది.

కార్యక్రమం వారానికి ఒక్కరోజే, ఆదివారమే వస్తుందనుకోండి. అప్పుడు 14నే అడగండి, 7న కాదు. ముందు ఆదివారం వినిపించేస్తే ఇంట్లో దాచిపెట్టిన గుట్టు కాస్తా రచ్చకెక్కుతుంది, అసలు రోజున చెప్పడానికి ఏమీ మిగలదు.

ఏ స్టేషనుకి రాయాలి

మీరు వినే స్టేషనుకి కాదు, మామ్మ ఇంట్లో వినపడే స్టేషనుకి. భీమవరంలోనో రాజమండ్రిలోనో ఉన్న మనవడు తన ఊళ్లో గట్టిగా వినిపించే ఎఫ్ఎంకి రాసేసి, తీరా ఆ రోజున పల్లెలో సెట్టు పెడితే గరగర తప్ప ఏమీ రాకపోవడం మామూలే. కమ్యూనిటీ రేడియోకి అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లు. అది పది పదిహేను కిలోమీటర్లు వినపడితే గొప్ప. డెల్టా నేల బల్లపరుపుగా ఉండటం కొంత మేలే, కానీ సెట్టుకీ స్టేషనుకీ మధ్య దట్టమైన కొబ్బరితోటలు వస్తే ఆ మేలూ తగ్గుతుంది. ఆకాశవాణి విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది, దూరం దానికి పెద్ద అడ్డు కాదు.

పరీక్ష సులువు. కార్డు రాయకముందే ఒకసారి మామ్మ ఇంటికి వెళ్లి, అదే సెట్టు, అదే అరుగు, అదే వేళకి ఆ కార్యక్రమం పెట్టి వినండి. పగలు బాగా వచ్చిన స్టేషను రాత్రికి మరో స్టేషనుతో కలిసిపోవచ్చు, అందుకే వేళ ముఖ్యం. విన్నప్పుడే కాగితం, కలం దగ్గర పెట్టుకుని కార్యక్రమం పేరు, చిరునామా, వాట్సాప్ నంబరు రాసుకోండి. కార్యక్రమం మొదట్లోనో చివర్లోనో ఇవి చెబుతారు. ఎక్కడో దొరికిన పాత నంబరు కంటే గాలిలో విన్నదే నికరం. ఇంకో సంగతి కూడా గమనించండి: ఉత్తరం మొత్తం చదువుతున్నారా, లేక పేరూ ఊరూ మాత్రమే చదివి పాట వేస్తున్నారా? పేర్లు మాత్రమే చదివే కార్యక్రమానికి నాలుగు వాక్యాల జ్ఞాపకం రాసి పంపితే అది అక్కడే ఆగిపోతుంది.

పాటని పట్టుకోవడం

పనంతా ఇక్కడే ఉంది. "గోదారి గట్టు పాట" అని కార్డు రాసి పంపితే ఇవాళ స్టూడియోలో కూర్చున్న కుర్రాడికి తట్టేది 2025 సంక్రాంతి సినిమాలో రమణ గోగుల, మధుప్రియ పాడిన పాట. అతని తప్పేం లేదు, కార్డులో ఉన్నది అంతే కదా. మామ్మ పెళ్లినాటి పాట అనుకుని సెట్టు ముందు కూర్చుంటే మనవరాలి రింగ్‌టోను మోగుతుంది.

మామ్మని తిన్నగా "నీకు ఏ పాట ఇష్టం?" అని అడగకండి. ఒకటి, గుట్టు తెలిసిపోతుంది. రెండు, అలా అడిగితే చాలామంది పెద్దవాళ్లు ఏదో దేవుడి పాట చెప్పి ఊరుకుంటారు. ఆవిడ పని చేసుకుంటూ కూనిరాగం తీసేటప్పుడు పక్కన కూర్చుని మాటల్లో పెట్టి మూడు సంగతులు రాబట్టండి. పాడింది ఆడగొంతా, మగగొంతా, ఇద్దరా? తెర మీద ఎవరు? ఎక్కడ, ఎవరితో చూశారు, అప్పటికి పెళ్లయిందా?

మన మామ్మ చెప్పిన జవాబులు ఇలా ఉన్నాయనుకుందాం: ఆడగొంతు ఒక్కటే. తెర మీద జమున. చూసింది టూరింగ్ టాకీసులో, పెళ్లయిన కొత్తలో, అప్పటికి తనకి పద్దెనిమిదేళ్లు. 1947కి పద్దెనిమిది కలిపితే 1965. టూరింగ్ టాకీసులకి సినిమా బస్తీలో ఆడి, అరిగి, ఏడాదికో రెండేళ్లకో వచ్చేది. కాబట్టి 1965 నుంచి వెనక్కి వెతకాలి, ముందుకి కాదు. ఆవిడ చూసిన ఏడాది తర్వాత విడుదలైన సినిమా ఎలాగూ కాదు కదా. ఈ ఒక్క సూత్రంతోనే వెతకాల్సిన జాబితా సగం తెగిపోతుంది. 1964లో వచ్చిన మూగమనసులు దగ్గర అన్నీ కలుస్తాయి: "గోదారీ గట్టుంది" పాట, పాడింది పి.సుశీల, సంగీతం కె.వి.మహదేవన్, తెర మీద జమున.

దొరికింది కదా అని ఆగకండి. ఫోనులో ఆ పాట పెట్టి, వేరే పని మీద ఉన్నట్టు మామ్మ వినేలా వదిలేయండి. ఆవిడ రెండో లైను అందుకుంటే అదే. "ఇది కాదర్రా, దాని తర్వాతది" అంటే అదే సినిమాలో ఇంకో పాట. పాత పాటల్ని తర్వాతి గాయకులు మళ్లీ పాడినవీ బోలెడు ఉన్నాయి. వీడియో కింద సుశీల అని రాసి ఉన్నా గొంతు వేరేవాళ్లది కావచ్చు. ఇంట్లో పాత ట్రంకుపెట్టె అడుగున ఆ సినిమా పాటల పుస్తకం ఉంటే వీడియోల కంటే దాన్నే నమ్మండి. హాలు దగ్గర అమ్మిన ఆ పల్చటి పుస్తకాల్లో పాటల మాటలూ, తారాగణం, సాంకేతిక వర్గం వరసగా అచ్చువేసేవాళ్లు.

సినిమా పేరు పక్కన ఏడాది వేయడం మానకండి. దేవదాసు 1953లో ఉంది, 1974లో ఉంది, 2006లో ఉంది. మల్లీశ్వరి 1951లో ఒకటి, 2004లో ఒకటి. మిస్సమ్మ 1955లో వచ్చింది, 2003లోనూ వచ్చింది. ఇంకా తమాషా ఏమిటంటే, 1955 మిస్సమ్మలో "రావోయి చందమామ" పాట ఉంది, 1999లో ఏకంగా అదే పేరుతో సినిమా వచ్చింది. కార్డు మీద "రావోయి చందమామ లోంచి పాట" అని రాస్తే తేడా పడినట్టే. లోంచి అన్న ఒక్క మాటకి పాట పేరు సినిమా పేరైపోతుంది.

ఆవిడ పాడేది అసలు సినిమా పాటే కాకపోవచ్చు. ఆకాశవాణి తన స్టూడియోల్లో పాడించిన లలిత గీతాలని నేర్చుకున్న ఆడవాళ్లు ఆ తరంలో చాలామంది. ఎంత వెతికినా సినిమా దొరకలేదంటే ఆ అనుమానం రావాలి. అప్పుడు ప్రైవేటు ఎఫ్ఎంకి రాసి లాభం లేదు, ఆకాశవాణికే రాయాలి, కార్డు మీద "లలిత గీతం" అని స్పష్టంగా వేయాలి. నాటకాల పద్యాలైతే సినిమా పాటల కార్యక్రమంలో పట్టవు, వాటిని అక్కడ అడక్కండి.

పాట భావం కూడా ఒకసారి చూసుకోండి. పాత పాటల్లో పెద్దవాళ్లు ప్రాణంగా చూసుకునేవి చాలావరకు విషాద గీతాలే. జగమే మాయ అంటూ సాగే పాటని ఎనభయ్యో పుట్టినరోజుకి వేయమంటే చదివేవారు తటపటాయిస్తారు, వేరే పాటకి మారుస్తారు కూడా. ఆవిడకి అదే ఇష్టమైతే "మా మామ్మ కోరి వినే పాట ఇదే, దయచేసి మార్చవద్దు" అని ఒక్క వాక్యం కలపండి.

కార్డు మీద ఏది ఎక్కడ

పోస్టుకార్డు యాభై పైసలే. వెనక వైపు మొత్తం, ముందు ఎడమ సగం మీవి. కుడి సగంలో చిరునామా తప్ప ఒక్క అక్షరం పడకూడదు, పిన్‌కోడు గళ్లలో అంకెలు విడివిడిగా వేయాలి. బాల్‌పెన్నే వాడండి. జెల్ పెన్నుతో రాసిన కార్డు ఒక్క జల్లు తగిలితే చాలు, ఊరి పేరు మరకైపోతుంది.

కార్డులో రెండు భాగాలు ఉండాలి: స్టేషనువాళ్లు చూసుకోవడానికి ఒకటి, మైకులో చదవడానికి ఒకటి. రెండూ కలిపి కథలా రాస్తే పాట వివరాలు ఆరో లైన్లో ఎక్కడో పడతాయి, లైబ్రరీలో వెతికేవారికి అక్కడిదాకా చదివే తీరిక ఉండదు. అరగంట కార్యక్రమంలో మూడు నాలుగు నిమిషాల పాటలు ఆరేడు పడితే ఎక్కువ. మిగిలిన కాస్త సమయాన్ని అన్ని ఉత్తరాలూ పంచుకోవాలి. మీ వంతుకి అర నిమిషం వస్తుందనుకుని రాయండి. నిదానంగా చదివితే అది యాభై అరవై మాటలు. మన మామ్మ కార్డు ఇలా ఉంటుంది:

"కార్యక్రమం: (మీరు విన్న పేరు)
వినిపించవలసిన రోజు: 2027 ఫిబ్రవరి 13, శనివారం, రథసప్తమి. వీలుకాకపోతే 14, ఆదివారం.
పాట: గోదారీ గట్టుంది. చిత్రం: మూగమనసులు (1964). గానం: పి.సుశీల. సంగీతం: కె.వి.మహదేవన్.
అది లేకపోతే: ఈనాటి ఈ బంధమేనాటిదో. అదే చిత్రం. గానం: ఘంటసాల, పి.సుశీల.

చదవవలసినది:
నమస్కారమండీ. కోనసీమ జిల్లా అంబాజీపేట మండలం ........ గ్రామంలో మా మామ్మ ........ గారికి ఈ రథసప్తమితో ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. పెళ్లయిన కొత్తలో టూరింగ్ టాకీసులో చూసిన సినిమాలోని ఈ పాటని ఇప్పటికీ కొబ్బరి ఈనెలు తీస్తూ పాడుకుంటారు. చూపు తగ్గి టీవీ మానేశారు గానీ రేడియో మానలేదు. ఆవిడకి మా నమస్కారాలు చెప్పి ఈ పాట వినిపించండి. ఇట్లు, మనవలు, మనవరాళ్లు, బుల్లి మునిమనవడు.

చదవకూడనిది: ఫోను నంబరు ........"

ఇందులో కొన్ని సంగతులు కావాలని చేసినవే. రెండో పాటని అదే సినిమా నుంచి ఇచ్చాం, ఎందుకంటే మొదటిది దొరక్కపోయినా మామ్మకి ఆ టూరింగ్ టాకీసు గుర్తొస్తుంది. "మీ ఇష్టమైన పాట వేయండి" అని వదిలేస్తే వాళ్లు నిజంగానే తమ ఇష్టం వేస్తారు. ఈనెలు తీయడం లాంటి పని ఒక్కటి చాలు, ఆవిడ గుణగణాలన్నీ చెప్పనక్కర్లేదు. "ప్రేమమూర్తి, త్యాగమూర్తి" అని రాస్తే మైకులో అందరి మామ్మలూ ఒకేలా వినిపిస్తారు. చివర్లో ఇంటిల్లిపాది పేర్లూ వేయలేదు. పద్నాలుగు పేర్లు రాస్తే చదివేవారు నాలుగు చదివి "తదితరులు" అంటారు, ఆ తదితరుల్లో పడ్డ మేనత్త ఏడాదిపాటు అలుగుతుంది.

తాతగారు పోయారనీ, మామ్మ ఒక్కరే ఉంటున్నారనీ కార్డులో రాయవద్దు. అది ఊరూ మండలంతో సహా గాలిలో వెళ్లే సమాచారం. ఇంటి నంబరు, వీధి కూడా అక్కర్లేదు.

మామ్మ వేరు, అమ్మమ్మ వేరు అని తెలిసినవాళ్లే తెలుగు రేడియోలో ఉంటారు, అయినా ఇంగ్లీషు అక్షరాల్లో వాట్సాప్ పంపితే మామ్మ కాస్తా మమ్మ అవుతుంది. దీర్ఘాలు ఎగిరిపోయి ఊరి పేరూ ఇంకోలా పలుకుతుంది. తెలుగులోనే టైపు చేయండి, లేదా కార్డునే ఫోటో తీసి పంపండి. ఇక జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి అమలాపురం కోనసీమ జిల్లాకి కేంద్రం, తూర్పు గోదావరికి రాజమండ్రి, పశ్చిమ గోదావరికి భీమవరం. అలవాటు కొద్దీ పాత జిల్లా రాసేస్తే పిన్‌కోడు ఉంది కాబట్టి మామ్మ ఇంటికి వెళ్లే ఉత్తరాలకి నష్టం లేదు, కానీ మైకులో చదివినప్పుడు పక్కింటివాళ్లే "మన ఊరు కాదేమో" అనుకుంటారు. పాలెం, పేట, లంక అన్న పేర్లతో డెల్టాలో ఎన్ని ఊళ్లో, అందుకే మండలం తప్పనిసరి.

పంపడం, ఆ రోజు వినడం

కార్డుని మూడు వారాల ముందు పోస్టు చేయండి. దారిలో నాలుగైదు రోజులు పోయినా, కార్యక్రమాన్ని ముందుగానే రికార్డు చేసుకున్నా చాలినంత వ్యవధి ఉంటుంది. మన లెక్కలో జనవరి 23 లోపు. సంక్రాంతి సెలవుల్లో డబ్బాలో వేస్తే అది అక్కడే కూర్చుంటుంది, కాబట్టి పండక్కి ముందే వేసినా నష్టంలేదు, తేదీ రెండో లైన్లోనే ఉంది కదా. వారం రోజుల ముందు వాట్సాప్‌లో ఒక్కసారి గుర్తుచేస్తే చాలు. ఒకే పాటకి పది కార్డులు పది పేర్లతో వేయడం వల్ల ఒరిగేది లేదు, చేతిరాత చూస్తేనే తెలిసిపోతుంది.

ఆ రోజు సెట్టు విషయంలో తెలుసుకోవాల్సింది ఒకటుంది. మీడియం వేవ్‌కి బయటకి లాగే కడ్డీ పనికిరాదు, అది ఎఫ్ఎంకి. మీడియం వేవ్ అందుకునేది సెట్టు లోపల పొడవునా ఉండే ఫెర్రైట్ కడ్డీ. ఆ కడ్డీ పక్కవైపు స్టేషనుకి ఎదురుగా ఉన్నప్పుడు గొంతు గట్టిగా వస్తుంది. కోనసీమ నుంచి విజయవాడ దాదాపు నేరుగా పడమరలో ఉంది. అందుకని సెట్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండేలా పెట్టి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా తిప్పి చూడండి. ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టరు ఉన్న గదిలో గరగర ఎక్కువ. వాటిని ఆపేయండి, లేదా సెట్టుని అరుగు మీదకి తెచ్చేయండి. కరెంటు మీద ఆధారపడకుండా కొత్త సెల్సు వేయండి.

మామ్మని సెట్టు ముందు కూర్చోబెట్టడమే అన్నిటికంటే కష్టం. రథసప్తమి నాడు పొద్దున్నే చిక్కుడాకుల రథం, పరమాన్నం, సూర్యుడికి నైవేద్యం అంటూ పెరట్లో ఉంటారు. కార్యక్రమం ఆ వేళకే అయితే సెట్టు పెరట్లోకే వెళ్లాలి. మొదటి పాటకే రావచ్చు, చివరి పాటకి రావచ్చు, కాబట్టి కార్యక్రమం మొదలైనప్పటి నుంచీ ఎవరో ఒకరు ఆవిడ పక్కనే ఉండాలి.

ఇంకో ఫోనుని సెట్టు పక్కన పెట్టి రికార్డు చేయండి. ఆకాశవాణిని ఫోను యాప్‌లో వినేవాళ్లకి అది గాలిలో వచ్చిన దానికంటే ఆలస్యంగా అందుతుంది. హైదరాబాదులో యాప్ పెట్టుకున్న మనవరాలు ఫోను చేసి "ఇంకా రాలేదు" అంటుంటే ఇక్కడ పేరు చదివేసి ఉంటారు. ఆ క్షణంలో ఫోను మోగితే మామ్మ పేరు వినబడాల్సిన చోట రింగ్‌టోను పడుతుంది. రికార్డు చేసే ఫోనుని ముందే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

13న రాకపోతే 14న కూడా వినండి, కార్డులో అడిగారు కనుక. ప్రత్యక్ష ప్రసారాలో ప్రముఖుల మరణాలో అడ్డొస్తే ఆ రోజు కార్యక్రమం ఎత్తేసి, ఉత్తరాలని తర్వాతి వారానికి జరుపుతుంటారు. అప్పుడు వాట్సాప్‌లో తేదీ, మామ్మ పేరు, పాట పేరు మాత్రం రాసి, "ఆ రోజు కార్యక్రమం రాలేదు కాబట్టి వచ్చే వారం వేయగలరా" అని అడగండి. కొత్త కార్డు రాస్తే వరసలో వెనక్కి పోతారు, పాత కార్డునే గుర్తుచేయాలి. మామ్మకి మాత్రం పాట వచ్చేదాకా ఏమీ చెప్పకండి.